ఖాళీ పెన్‌డ్రైవ్‌లో కనిపించని బరువు

తెనాలిలో ఫొటో స్టూడియో నడిపే మా బావమరిది ఓ రోజు పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బావా, ఇది పాడైనట్టుంది. అన్నీ డిలీట్ చేసేశాను, అయినా పెళ్లి వీడియో ఎక్కించబోతే చోటు లేదంటోంది" అన్నాడు.

అది 64 జీబీ పెన్‌డ్రైవ్. నా విండోస్ కంప్యూటర్‌కి పెట్టి తెరిస్తే ఒక్క ఫోల్డరే కనిపించింది. అందులో ఉన్నది 3 జీబీ ఆల్బమ్ డిజైన్లు. డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి Properties చూస్తే మాత్రం 49 జీబీ వాడుకలో ఉందని చూపించింది. కళ్లకు కనిపించేది 3, లెక్కలో ఉన్నది 49. పెన్‌డ్రైవ్ పాడైతే సాధారణంగా తెరుచుకోదు, లేదా కాపీ మధ్యలో ఆగిపోతుంది. లెక్కలో ఇంత పెద్ద తేడా ఉందంటే ముందు అనుమానించాల్సింది దాక్కున్న చెత్తబుట్టనే.

"దీన్ని ఎక్కడ వాడావు?" అని అడిగితే, వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాడి మ్యాక్‌లో అన్నాడు. అక్కడే ముడి విడిపోయింది.

మ్యాక్‌లో పెన్‌డ్రైవ్‌లోని ఫైలు డిలీట్ చేస్తే అది మ్యాక్ లోపలికి వెళ్లదు. పెన్‌డ్రైవ్‌లోనే `.Trashes` అనే దాచిన ఫోల్డర్‌లోకి చేరుతుంది. చెత్తబుట్ట బొమ్మ తెర మీద ఉంటుంది కాబట్టి చెత్త కూడా కంప్యూటర్‌లోకే పోయిందని అందరం అనుకుంటాం. నిజంగా అలా పంపాలంటే 46 జీబీ వీడియోలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేయాలి, దానికి చాలా నిమిషాలు పడుతుంది. అదే డ్రైవ్‌లో ఫోల్డర్ మార్చడమంటే చిరునామా మార్చి రాసుకోవడమే. వీడియో ఉన్న చోటి నుంచి కదలదు. అందుకే ఎంత పెద్ద ఫైలైనా క్షణంలో "పోతుంది". అందుకే చోటు రవ్వంత కూడా మిగలదు. ఆ కుర్రాడు మ్యాక్‌లో ట్రాష్ ఖాళీ చేయకుండానే పెన్‌డ్రైవ్ తీసేశాడు, బుట్ట దాంతోపాటే తెనాలి వచ్చేసింది.

విండోస్ 11లో File Explorer పైన View, అందులో Show, ఆపైన Hidden items నొక్కాను. మసకగా `.Trashes` బయటపడింది. లోపల `501` అనే ఫోల్డర్. మ్యాక్‌లో మొదటి యూజర్ అకౌంట్‌కి ఇచ్చే నంబరు అది. అందులో రెండు పెళ్లిళ్ల వీడియోలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

తీసేయడం తేలికే. పెన్‌డ్రైవ్‌ను మళ్లీ మ్యాక్‌కి పెట్టి ట్రాష్ ఖాళీ చేస్తే సరిపోతుంది. అయితే అదే యూజర్ లాగిన్‌లో ఉండాలి, మ్యాక్ సొంత ట్రాష్‌లోవీ దాంతోపాటే పోతాయి. విండోస్‌లోనైతే ఆ ఫోల్డర్‌ని ఎంచుకుని డిలీట్ చేయాలి. మామూలు పెన్‌డ్రైవ్‌లకు విండోస్ రీసైకిల్ బిన్ పెట్టదు, కాబట్టి ఇక్కడ డిలీట్ అంటే డిలీటే. అందుకే ముందు లోపలికి వెళ్లి, కావాల్సినవి ఉన్నాయేమో చూసుకోవాలి.

నన్ను కలవరపెట్టింది చోటు సంగతి కాదు. ఆ రెండు పెళ్లిళ్లలో ఒకటి వేరే ఇంటివాళ్లది. ఆ పెన్‌డ్రైవ్ ఇంకో కస్టమర్ చేతికి వెళ్తే, ఒక్క క్లిక్‌తో వాళ్ల ఇంటి ఆడపిల్లల వీడియోలన్నీ చూడొచ్చు.

నాలుగు చోట్ల తిరిగే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ది ఇంకో చిక్కు. దానికి విండోస్ `$RECYCLE.BIN` పేరుతో బుట్ట పెడుతుంది, అందులో ఒక్కో యూజర్‌కి ఒక్కో గది. మన కంప్యూటర్‌లో రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే మన గదే ఖాళీ అవుతుంది, ఆల్బమ్ డిజైనర్ కంప్యూటర్‌లో డిలీట్ చేసినవి అలాగే ఉంటాయి. తెర మీద బిన్ ఖాళీగా ఉన్నా డిస్క్ నిండుగా ఉండటానికి తరచూ ఇదే కారణం. మిగతావాళ్లను అడిగి, వాళ్లకేమీ వద్దని తేలాక, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇలా కొట్టాలి:

```
rd /s /q E:\$Recycle.Bin
```

E బదులు మీ డిస్క్ అక్షరం పెట్టండి, ఎంటర్ నొక్కేముందు దాన్ని రెండుసార్లు చూసుకోండి. ఫోల్డర్ మొత్తం పోతుంది, అవసరమైనప్పుడు విండోస్ దాన్ని మళ్లీ తయారుచేసుకుంటుంది.

మా బావమరిది స్టూడియోలో ఇప్పుడు కస్టమర్‌కి పెన్‌డ్రైవ్ ఇచ్చేముందు Hidden items తెరిచి చూస్తున్నారు. ఆ ఎడిటింగ్ కుర్రాడేమో పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లను Option, Command, Delete మూడు మీటలూ కలిపి నొక్కి తీసేస్తున్నాడు. అలా తీసినవి ట్రాష్‌లోకి వెళ్లవు.