భోజనాల గంటకు పాటల వరస

మా మేనకోడలి రిసెప్షన్‌లో మా పిన్నీ, ఆవిడ చిన్ననాటి స్నేహితురాలూ పాతికేళ్ల తర్వాత ఒకే బల్ల దగ్గర కలిశారు. పక్కనే నిలువెత్తు స్పీకరు. ఒకరు చెప్పింది మరొకరికి వినపడక చేతులతో సైగలు చేసుకున్నారు, చివరికి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని లేచారు. ఆ తర్వాత ఇంట్లో జరిగిన పెళ్లికి భోజనాల గంటకు పాటలు నేనే కూర్చాను.

ముందు చూడాల్సింది ఏ పాట అని కాదు, ఎంత చప్పుడు అని. మూడడుగుల దూరంలో మామూలుగా మాట్లాడే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. బల్ల దగ్గర పాట అంతకంటే తక్కువగా వినిపించాలి. చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతామని 1911లోనే ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు గుర్తించాడు. ఫంక్షన్ హాల్లో జరిగేది అదే. జనం మాటలకు పాట మునిగిపోతోందని ఆపరేటర్ సౌండ్ పెంచుతాడు, దాన్ని మించడానికి జనం ఇంకా గట్టిగా మాట్లాడతారు. పాలరాతి నేల, అద్దాలు, ఎత్తయిన కప్పు ఆ గోలనంతా తిరగ్గొడతాయి. అందుకే ఆపరేటర్‌కు నేను ముందే చెప్పాను: జనం నిండాక పాట వినపడకపోయినా పరవాలేదు, పెంచొద్దు బాబూ అని. స్టేజీ దగ్గరి పెద్ద స్పీకర్లను భోజనాల వైపు తిప్పకుండా, అక్కడక్కడా నాలుగు చిన్నవి తక్కువ సౌండ్‌తో పెట్టించాను. అలా చేస్తే దగ్గర కూర్చున్నవాళ్లకు చెవులు హోరెత్తవు, చివరివాళ్లకూ కాస్త వినిపిస్తుంది.

ఇక పాటలు. అతిథులు వచ్చే మొదటి ఇరవై నిమిషాలకు మాటలు లేని సంగీతమే మేలు. తెలిసిన భాషలో పాట వినిపిస్తే చెవి అటు లాగుతుంది, ఎదుటివాళ్ల మాట జారిపోతుంది. హరిప్రసాద్ చౌరాసియా వేణువు, శివకుమార్ శర్మ సంతూర్ కలిసి వినిపించే ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ (1967)తో మొదలుపెట్టి, చిట్టిబాబు వీణకు వచ్చాను. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వాయించిన వాటిలో చిన్న కీర్తనలే తీసుకున్నాను. పెద్దవాటిలో మృదంగం తని ఆవర్తనం వస్తే తినేవాళ్లు తలెత్తి చూస్తారు. నాదస్వరం నాకు ప్రాణం. కానీ అది ఆరుబయట ఊరంతా వినిపించే వాద్యం, ముహూర్తానికి తగింది. మాటల కింద అణిగి ఉండలేదు.

భోజనాలు ఊపందుకున్న తర్వాతి అరగంటకు పాత సినిమా పాటలను వేణువు మీదో వయొలిన్ మీదో వాయించినవి పెట్టాను. ‘మాయాబజార్’ (1957)లోని పడవ పాటలాంటి మోహన రాగపు బాణీలు ఇక్కడ చక్కగా అమరుతాయి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. బాణీ బాగుందని ‘దేవదాసు’ పాట పెడతారు. మాటలు లేకపోయినా పెద్దవాళ్ల మనసులో ఆ విషాదమంతా మెదులుతుంది. అందుకే ప్రతి బాణీకీ అసలు పాట ఏమిటో, సినిమాలో ఎక్కడ వస్తుందో అమ్మనో బాబాయినో అడిగి చూసుకోవాలి. మా వరసలోంచి మూడు బాణీలు అమ్మే తీయించింది.

నడక విషయం కూడా ఉంది. 1986లో మిల్లిమన్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక రెస్టారెంటులో చూస్తే, నెమ్మది సంగీతం ఉన్నప్పుడు జనం సగటున 56 నిమిషాలు కూర్చున్నారు, వేగంగా ఉన్నప్పుడు 45. మన దగ్గర మొదటి బంతి లేవకముందే రెండో బంతివాళ్లు కుర్చీల వెనక నిలబడతారు. అందుకని ఆ అరగంటలో జోలపాట నడక వద్దు, డాన్సు పాటా వద్దు. చేత్తో తొడ మీద తేలిగ్గా తాళం వేసుకోగలిగే మధ్యస్థ నడక చాలు. గాత్రం ఉన్న పాటలు చివరి పది నిమిషాలకే ఉంచాను, సుశీల, బాలు పాడినవి.

గంట భోజనాలు గంటలో అవ్వవు. నేను తొంభై నిమిషాలకు, అంటే పాట నాలుగైదు నిమిషాల చొప్పున ఇరవై దాకా కూర్చాను. పాటలన్నీ ముందే ఫోన్‌లో దింపుకున్నాను. లేకపోతే నెట్ పోయినప్పుడు ఆగిపోతాయి, డబ్బు కట్టని యాప్ అయితే మధ్యలో ప్రకటన అరుస్తుంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే వచ్చే ప్రతి కాలూ హాలంతా మోగుతుంది. పాత రికార్డింగు సన్నగా, కొత్తది గట్టిగా ఉంటుంది కాబట్టి యాప్‌లో అన్నీ ఒకే స్థాయిలో వినిపించే సెట్టింగు వేసుకోవాలి. షఫుల్ ఆపేయాలి, లేకపోతే కూర్చిన వరసంతా వృథా.

మీ ఇంట్లో రిసెప్షన్ ఉంటే, అతిథులు రావడానికి గంట ముందే పాట పెట్టించి, స్పీకరుకు దగ్గరి బల్ల దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడి చూడండి. ఒక్కసారైనా “ఆఁ? ఏమన్నావ్?” అనాల్సి వస్తే, ఆ సౌండ్ ఇంకా తగ్గించండి.