లోటు, మిగులు: గోల్ ప్రోగ్రామింగ్ కథ

1955లో అమెరికాలో చార్న్స్, కూపర్, ఫెర్గ్యూసన్ అనే ముగ్గురికి ఒక కంపెనీ అధికారుల జీతాలు తేల్చే పని పడింది. పై అధికారికి కింది అధికారికన్నా తక్కువ రాకూడదు. జీతాలు బజారు రేటుకూ దగ్గరగా ఉండాలి. అన్నీ కచ్చితంగా కుదరవు కాబట్టి, ప్రతి లక్ష్యానికీ ఎంత తేడా వచ్చిందో కొలిచి, ఆ తేడాల మొత్తాన్ని తగ్గించారు. 1961లో చార్న్స్, కూపర్ రాసిన పుస్తకంతో దీనికి గోల్ ప్రోగ్రామింగ్ అన్న పేరు స్థిరపడింది.

జగ్గయ్యపేట ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ గోడౌన్ పెట్టి నందిగామ, కంచికచర్ల దుకాణాలకు సిమెంటు పంపే డిస్ట్రిబ్యూటర్ ఒకాయన ఉన్నాడనుకుందాం. రోజుకు 40 టన్నుల ఆర్డర్లు. అందులో 38 టన్నులైనా అందించాలి, 20 టన్నులు రెండు గంటల్లో చేరాలి, కిరాయి రూ.13,000 దాటకూడదు. పెద్ద లారీకి టన్నుకు రూ.300 అవుతుంది గానీ, దుకాణాలన్నీ తిరిగేసరికి సగం పూట పోతుంది. మినీ లారీ రెండు గంటల్లో చేరుస్తుంది, టన్నుకు రూ.500. లారీలో x టన్నులు, మినీ లారీలో y టన్నులు:

```
x + y       + d1- - d1+ = 38
y           + d2- - d2+ = 20
300x + 500y + d3- - d3+ = 13000
```

d- లోటు, d+ మిగులు. వీటినే విచలన చలరాశులంటారు. సరుకులో, సమయంలో లోటు చేటు. ఖర్చులో మిగులు చేటు. కాబట్టి తగ్గించాల్సినవి d1-, d2-, d3+ మాత్రమే.

ముందు సరుకు, తర్వాత ఖర్చు, ఆ తర్వాతే సమయం అంటే లారీలో 30, మినీలో 8. సమయంలో 12 టన్నుల లోటు. సమయాన్ని ఖర్చుకన్నా ముందు పెడితే 18, 20, ఖర్చు రూ.2,400 మించుతుంది. అంటే ఒక్కో టన్నును త్వరగా చేర్చడానికి రూ.200. యజమాని తేల్చుకోవాల్సింది ఆ ధర తనకు గిట్టుతుందా అన్నదే.

రూపాయలను, టన్నులను అలాగే కూడితే మాత్రం లెక్క దారి తప్పుతుంది. ఒక టన్ను లోటును పూడ్చడానికి అయ్యే 200 రూపాయలు ఆ 1ని మింగేస్తాయి, ఎప్పుడూ ఖర్చే గెలుస్తుంది. ప్రతి తేడానూ దాని లక్ష్యంలో శాతంగా మార్చాలి. అప్పుడు ఆ టన్ను సమయంలో 5 శాతం, ఆ 200 ఖర్చులో సుమారు 1.5 శాతం, జవాబు 18, 20కి మారిపోతుంది.

2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ, కంచికచర్ల మధ్య ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగింది. అలాంటి రోజున కంచికచర్లకు వెళ్లే 10 టన్నులు ఆగిపోతే x + y ≤ 30 అవుతుంది. ఇది లక్ష్యం కాదు, లోటు పెట్టి జరుపుకోలేని హద్దు. సరుకులో 8 టన్నుల లోటు తప్పదు. కానీ లారీలో 10, మినీలో 20 పంపితే సమయం లక్ష్యం తీరుతుంది, ఖర్చు సరిగ్గా రూ.13,000.