ఏడు శాతం రెండుసార్లు దాటింది, వడ్డీ ఒకసారే పెరిగింది

2022 ఏప్రిల్‌లో మన దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.79 శాతం. ఆ ఏడాది రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటును ఐదుసార్లు పెంచింది, 2023 ఫిబ్రవరిలో ఆరోసారి పెంచింది. అదే ఏడాది జూలైలో ద్రవ్యోల్బణం మళ్లీ 7.44 శాతానికి ఎగబాకింది. ఈసారి మాత్రం రిజర్వ్ బ్యాంకు వడ్డీని ముట్టుకోలేదు.

దాదాపు ఒకే అంకెకు రెండు వేర్వేరు నిర్ణయాలు. ఈ తేడా ఎందుకో చెప్పగలిగితే, గ్రూప్-1, సివిల్స్ అభ్యర్థులకు తరచూ ఎదురయ్యే ఒక ప్రశ్నకు మంచి జవాబు చేతిలో ఉన్నట్టే. "ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడంలో కేంద్ర బ్యాంకు సాధనాల పాత్రను చర్చించండి" అన్నదే ఆ ప్రశ్న. చాలామంది దీనికి ముందు ద్రవ్యోల్బణం నిర్వచనం రాస్తారు, తర్వాత రెపో, సీఆర్‌ఆర్, ఎస్‌ఎల్‌ఆర్ అని సాధనాల జాబితా రాస్తారు, చివర ముగింపు రాస్తారు. మూడు ముక్కలూ సరైనవే. కానీ ఒకదాన్నుంచి మరొకటి పుట్టదు. ఆ మూడింటినీ కలిపే దారం ఈ రెండేళ్ల కథలో ఉంది.

మొదట అడగాల్సింది: ధర ఎందుకు పెరిగింది?

2016లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి, ద్రవ్యోల్బణ లక్ష్యాన్ని అందులో చేర్చారు. వినియోగదారుల ధరల సూచీ ప్రకారం లక్ష్యం 4 శాతం. అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు ఉంది. వడ్డీని నిర్ణయించేది ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ. సగటు ద్రవ్యోల్బణం వరసగా మూడు త్రైమాసికాలు ఆ గీత దాటితే బ్యాంకు విఫలమైనట్టు లెక్క. అప్పుడు కారణాలేమిటో, దిద్దుబాటు ఎలాగో కేంద్ర ప్రభుత్వానికి నివేదిక ఇచ్చుకోవాలి. 2022 జనవరి నుంచి సెప్టెంబర్ దాకా ఆ పరిస్థితే వచ్చింది.

2022లో ధరల మంట బయటి నుంచి అంటుకుంది. ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్‌పై యుద్ధానికి దిగింది. ముడిచమురు పీపా 100 డాలర్లు దాటింది. అప్పట్లో మనం పొద్దుతిరుగుడు నూనెను ప్రధానంగా తెప్పించుకున్నది ఆ రెండు దేశాల నుంచే. ఏప్రిల్ చివర ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపింది. ఉత్తరాదిన మార్చి ఎండలకు గోధుమ దిగుబడి దెబ్బతింది.

ఇవన్నీ సరఫరా వైపు కారణాలే. వడ్డీ పెంచితే ఉక్రెయిన్ నుంచి నూనె ఓడ రాదు. మరి రిజర్వ్ బ్యాంకు ఎందుకు పెంచింది? ఆహారం, ఇంధనం తీసేసి లెక్కించే మూల ద్రవ్యోల్బణం కూడా అప్పటికి 6 శాతం దాటింది కాబట్టి. డీజిల్ ధర లారీ కిరాయిలోకి, అక్కడి నుంచి సబ్బులోకి, బట్టలోకి పాకిందన్నమాట. "ధరలు ఇంకా పెరుగుతాయి" అన్న అంచనా జనంలో బలపడితే, వ్యాపారి ముందే రేటు పెంచుతాడు, ఉద్యోగి ముందే జీతం పెంచమంటాడు. అలా మొదటి దెబ్బ తగ్గాక కూడా ధరలు పైనే ఉండిపోతాయి. కేంద్ర బ్యాంకు ఆపగలిగేది ఈ రెండో విడత పాకుడునే.

రెపో కదలకుండానే వడ్డీ పెరిగింది

సాధనాల గురించి రాసేటప్పుడు అందరూ మే నెల నుంచి మొదలుపెడతారు. నిజానికి బిగింపు ఏప్రిల్‌లోనే మొదలైంది.

రెపో అంటే బ్యాంకులు ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వ్ బ్యాంకు దగ్గర తెచ్చుకునే అప్పు మీది వడ్డీ. 2020 మే నుంచి అది 4 శాతంగా ఉంది. కానీ కరోనా కాలపు చర్యల వల్ల 2022లో బ్యాంకుల దగ్గర లక్షల కోట్ల రూపాయలు మిగులుగా ఉన్నాయి. డబ్బు మిగిలినవాడికి అప్పు రేటుతో పనేముంది? మిగులును రిజర్వ్ బ్యాంకులో ఉంచితే ఎంత వస్తుందన్నదే వాళ్లకు ముఖ్యం. ఆ రేటు రివర్స్ రెపో, అప్పటికి 3.35 శాతం. ఒక రోజుకు బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే అప్పుల వడ్డీ రెపో దగ్గర కాకుండా ఆ అడుగు రేటు చుట్టూనే తిరుగుతూ వచ్చింది.

ఏప్రిల్ 8న రిజర్వ్ బ్యాంకు రెపోను అలాగే ఉంచి, స్టాండింగ్ డిపాజిట్ ఫెసిలిటీ అనే కొత్త కిటికీ తెరిచింది. దాన్ని పొట్టిగా ఎస్‌డీఎఫ్ అంటారు. బ్యాంకులు అక్కడ డబ్బు ఉంచితే 3.75 శాతం ఇస్తామంది. అడుగు రేటు ఒక్కరోజులో 0.40 శాతం పైకి లేచింది. రివర్స్ రెపోలో డబ్బు తీసుకున్నప్పుడల్లా రిజర్వ్ బ్యాంకు బదులుగా బాండ్లు ఇవ్వాలి. ఎస్‌డీఎఫ్‌లో ఆ అవసరం లేదు, కాబట్టి ఎంత మిగులునైనా లోపలికి లాగవచ్చు.

ఆ తర్వాతే రెపో కదిలింది. మే 4న, క్యాలెండర్‌లో లేని సమావేశం పెట్టి 4 నుంచి 4.40కి పెంచారు. అదే రోజు సీఆర్‌ఆర్‌ను 4 నుంచి 4.5 శాతానికి పెంచారు. బ్యాంకులు తమ డిపాజిట్లలో ఇంత భాగాన్ని వడ్డీ లేకుండా రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలన్నదే సీఆర్‌ఆర్. ఆ అర శాతంతో సుమారు రూ.87,000 కోట్లు వ్యవస్థలోంచి బయటికి వెళ్తాయని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. రెండు సాధనాలూ ఒకేరోజు ఎందుకంటే, బజారులో డబ్బు పొంగిపొర్లుతుంటే వడ్డీ పెంపు పట్టు దొరకదు. జూన్, ఆగస్టు, సెప్టెంబర్, డిసెంబర్ పెంపులతో రెపో 6.25కి, 2023 ఫిబ్రవరి నాటికి 6.50కి చేరింది. మొత్తం 2.50 శాతం.

ఇంటికి ఎలా చేరింది

2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ గృహరుణాలను రెపో లాంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలి. కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. కాబట్టి రెపో పెంపు నేరుగా నెల వాయిదాలోకి దిగింది.

2022 మొదట్లో ఒక కుటుంబం 7 శాతానికి, 20 ఏళ్లకు రూ.30 లక్షలు తీసుకుందనుకుందాం. వాయిదా సుమారు రూ.23,260. పెంపు మొత్తం పడితే వడ్డీ 9.5 శాతం. అదే అప్పుకు వాయిదా సుమారు రూ.27,960. నెలకు రూ.4,700 అదనం. వాయిదా పెంచకుండా గడువు పొడిగిద్దామంటే కుదరదు. రూ.30 లక్షల మీద 9.5 శాతం చొప్పున మొదటి నెల వడ్డీయే రూ.23,750. పాత వాయిదా వడ్డీకే చాలదు, అసలు తగ్గకపోగా పెరుగుతుంది. ఈ ప్రమాదం దృష్ట్యానే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు, వాయిదా పెంచుకోవాలా గడువు పెంచుకోవాలా అన్నది రుణగ్రహీతకే వదలాలని బ్యాంకులను ఆదేశించింది.

ఆ కుటుంబం నెలనెలా రూ.4,700 మేర ఖర్చు తగ్గించుకుంటుంది. కొత్త బండి, ఫ్రిజ్ వాయిదా వేసుకుంటుంది. ఇలా లక్షల ఇళ్లలో, వేల సంస్థల్లో జరిగితే గిరాకీ చల్లబడి, రేటు పెంచే ధైర్యం వ్యాపారికి తగ్గుతుంది. ఈ ప్రయాణానికి నెలలు పడుతుంది. 2023 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు పెంపు ఆపి చూసిందంటే కారణం అదే. పాత పెంపుల ప్రభావం ఇంకా దారిలోనే ఉంది.

ఇక్కడ నిజ వడ్డీ అనే మాట కూడా అర్థమవుతుంది. 4 శాతం రెపోలోంచి 7.79 శాతం ద్రవ్యోల్బణం తీసేస్తే మైనస్ 3.79. అంటే అప్పు చేసినవాడికి లాభం, డిపాజిట్ పెట్టిన పెద్దాయనకు నష్టం. వడ్డీ పెంచడమంటే ఈ తిరగబడ్డ లెక్కను సరిచేయడం కూడా.

టమాటా మీద రెపో పనిచేయదు

2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది. కూరగాయల ధరలు అంతకుముందు ఏడాదికంటే 37 శాతం పెరిగాయి. అప్పటి సూచీలో కూరగాయల వాటా సుమారు 6 శాతం. లెక్క కడితే 7.44లో రెండు పాయింట్లకు పైగా కూరగాయలదే. మరోవైపు మూల ద్రవ్యోల్బణం దిగివస్తోంది. అంటే మంట వంటింటి దగ్గరే ఉంది, పక్కకు పాకలేదు. మదనపల్లె మార్కెట్‌కు కొత్త పంట వస్తే తగ్గే ధర అది. రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచి ఉంటే, టమాటా ధర అలాగే ఉండి, ఇంటి వాయిదా మాత్రం పెరిగేది.

అందుకే ఆగస్టు 10న రెపోను 6.50 దగ్గరే ఉంచి, వేరే సాధనం తీసింది. రూ.2,000 నోట్ల ఉపసంహరణతో బ్యాంకుల్లోకి డబ్బు వచ్చిపడింది. మే 19 నుంచి జూలై 28 మధ్య పెరిగిన డిపాజిట్లలో 10 శాతాన్ని అదనపు సీఆర్‌ఆర్‌గా ఉంచమంది. ఆ పొంగు తగ్గాక, సెప్టెంబర్ నుంచి అక్టోబర్ 7లోగా విడతలుగా తిరిగి ఇచ్చేసింది. అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం 4.87 శాతం, రెపో అదే 6.50.

జవాబుగా రాస్తే

ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు ఇలా నడుస్తుంది:

"ద్రవ్యోల్బణం గిరాకీ వల్ల రావచ్చు, సరఫరా కొరత వల్ల రావచ్చు. కేంద్ర బ్యాంకు సాధనాలన్నీ గిరాకీ మీద, ధరల అంచనాల మీద పనిచేస్తాయి కాబట్టి, కారణాన్ని బట్టి వాటి ఫలితం మారుతుంది. 2022లో యుద్ధంతో మొదలైన సరఫరా దెబ్బ మూల ద్రవ్యోల్బణానికి పాకడంతో, రిజర్వ్ బ్యాంకు ముందుగా ఎస్‌డీఎఫ్‌తో, తర్వాత సీఆర్‌ఆర్‌తో మిగులు ద్రవ్యాన్ని తగ్గిస్తూ, రెపోను 4 నుంచి 6.50 శాతానికి పెంచింది. ఆ పెంపు బ్యాంకు రుణాల ద్వారా గిరాకీని తగ్గించింది. 2023 జూలైలో పెరుగుదల ప్రధానంగా కూరగాయల వల్లే కావడంతో రెపోను కదపలేదు. అదనపు సీఆర్‌ఆర్‌తో తాత్కాలిక మిగులును మాత్రం తీసింది. సరఫరా కొరతకు నిల్వల విడుదల, దిగుమతులు, పన్ను తగ్గింపు వంటి ప్రభుత్వ చర్యలే మందు. 2022 మేలో కేంద్రం పెట్రోలు, డీజిల్‌పై ఎక్సైజ్ సుంకం తగ్గించడం, గోధుమ ఎగుమతులు ఆపడం అలాంటివే."

రాశాక ఒక పరీక్ష పెట్టుకోవాలి. ఏ వాక్యాన్నైనా తీసి మరోచోట పెట్టినా జవాబు అలాగే నిలబడితే, అది ఇంకా జాబితాయే. పై జవాబులో కారణం గురించిన మొదటి వాక్యం తీసేసి చూడండి. 2023లో రెపో ఎందుకు కదలలేదో చెప్పే దారే ఉండదు.