ఏ ట్యాబ్ తింటోంది?

నెలలో 20వ తేదీ దగ్గరపడుతుంటే తెనాలిలో మా బాబాయి ఇంటి ముందుగదిలో దీపం రాత్రి పదకొండు దాటినా ఆరదు. చాలామంది వ్యాపారులకు జీఎస్టీఆర్-3బి రిటర్ను దాఖలుకు అదే ఆఖరు తేదీ. ఆయన పాతిక దుకాణాల లెక్కలు చూస్తాడు. పోయిన నెల 19న సాయంత్రం ఫోన్ చేశాడు. "ఒరేయ్, క్రోమ్ మళ్ళీ బిగుసుకుపోయింది. ట్యాబులు ఎక్కువైనట్టున్నాయి, అన్నీ మూసి మళ్ళీ తెరవనా?"

"మూయకండి బాబాయ్, వస్తున్నా" అన్నాను. వాటిలో సగం నింపిన ఫారాలున్నాయని నాకు తెలుసు.

వెళ్ళి చూస్తే 27 ట్యాబులు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. మౌస్ కదిపితే బాణం గుర్తు రెండు సెకన్లు ఆగి కదులుతోంది, హార్డ్‌డిస్క్ లైటు ఆరకుండా మిణుకుతోంది. ర్యామ్‌లో చోటు చాలనప్పుడు కనిపించే లక్షణమిది. విండోస్ కొంత సరుకును డిస్కు మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్ళీ ఎక్కిస్తుంటుంది. ర్యామ్‌తో పోలిస్తే డిస్కు చాలా నెమ్మది కాబట్టి మనకు అంతా ఆగిపోయినట్టు కనిపిస్తుంది. డిస్కు లైటు ఊరికే ఉండి, ఫ్యాన్ మాత్రం గట్టిగా తిరుగుతూ ఒక్క పేజీయే కదలకపోతే అది వేరే జబ్బు. అక్కడ ఆ పేజీ ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుందని అర్థం.

బాబాయి అప్పటికే Ctrl+Shift+Esc నొక్కి విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచాడు. మెమరీ 94 శాతం నిండిందని అది చెబుతోంది. కానీ క్రోమ్ పేరు కింద పదుల కొద్దీ వరుసలు, ఏ వరుస ఏ ట్యాబుదో పోల్చుకునే దారి లేదు. క్రోమ్‌కు తన సొంత టాస్క్ మేనేజర్ వేరే ఉంది. 2008లో క్రోమ్ మొదటిసారి విడుదలైనప్పటి నుంచీ ఉంది, అయినా దాని సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. క్రోమ్ కిటికీలో ఉండి Shift+Esc నొక్కితే వస్తుంది. మూడు చుక్కల మెనూలో More tools కింద కూడా దొరుకుతుంది. ఎడ్జ్‌లోనూ Shift+Esc పనిచేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ పట్టీలో about:processes అని టైపు చేయాలి.

ఇన్ని వరుసలు ఎందుకంటే, క్రోమ్ ట్యాబులన్నిటినీ ఒకే ప్రోగ్రాముగా నడపదు. వేర్వేరు సైట్లను వేర్వేరు ప్రాసెస్‌లలో పెడుతుంది. ఒక పేజీ కూలితే మిగతావి నిలబడాలని అలా కట్టారు. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఒక సైటు మరో సైటు సమాచారం చదవకుండా గోడలు ఇంకా పెంచారు. అందుకే ఒకే పేజీలో బయటి సైటు నుంచి వచ్చిన ప్రకటన కూడా Subframe అన్న పేరుతో విడి వరుసగా కనిపిస్తుంది. ప్రతి గోడకూ కొంత మెమరీ ఖర్చవుతుంది. భద్రత కోసం కడుతున్న ఆ ఖర్చు సబబైనదే అని నా నమ్మకం.

Memory footprint అన్న శీర్షిక మీద నొక్కాను. పెద్ద అంకెలు పైకి వచ్చాయి. ఆ అంకెలు 1,640,000K లాగా ఉంటాయి. చివరి మూడు అంకెలు వదిలేసి చదివితే సుమారుగా ఎంబీలు. అంటే పై వరుస 1640 ఎంబీ, ఒకటిన్నర జీబీకి పైమాటే. అది జీఎస్టీ పేజీ కాదు, బ్యాంకు పేజీ కాదు. పొద్దున తెరిచి మరిచిపోయిన ఒక వార్తల సైటు 'తాజా సమాచారం' పేజీ! జీఎస్టీ ట్యాబులు ఒక్కోటి 150 ఎంబీ దగ్గరే ఉన్నాయి. వరుస మీద రెండుసార్లు నొక్కితే నేరుగా ఆ ట్యాబుకే వెళ్తాం కాబట్టి అదేనని కళ్ళతో చూసి నిర్ధారించుకున్నాం.

అయితే అంకె పెద్దదైనంత మాత్రాన తప్పు దానిదే అనుకోకూడదు. వీడియోలు, మ్యాపులు, పెద్ద పట్టికలు ఉన్న పేజీకి ఎక్కువ మెమరీ న్యాయంగానే కావాలి. చూడాల్సింది ఆ అంకె నిలకడగా ఉందా, ఎక్కుతూ పోతోందా అన్నది. ఇద్దరం ఏమీ ముట్టుకోకుండా ఐదు నిమిషాలు చూశాం. 1640 కాస్తా 1710 అయింది. పేజీ తనంతట తాను కొత్త వార్తలు, కొత్త ప్రకటనలు తెచ్చుకుంటోంది, పాతవాటిని వదలడం లేదు. రోజంతా తెరిచి ఉంచితే ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు.

ఆ వరుస ఎంచుకుని End process నొక్కే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఒకే సైటుకు చెందిన రెండు మూడు ట్యాబులు ఒక్కోసారి ఒకే ప్రాసెస్‌లో ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకుంటే తోటివి కూడా రంగు మారతాయి, ఆపితే అన్నీ కలిసే ఆగుతాయి. అందులో నింపిన ఫారం ఉంటే పోయినట్టే. Browser అని ఉన్న వరుసను మాత్రం ఇక్కడి నుంచి ఆపలేం, దానికి End process బటన్ పనిచేయదు. మా వరుస ఒంటరిగానే ఉంది, నొక్కాం. ట్యాబు అక్కడే ఉండి, లోపల విచారంగా ఉన్న బొమ్మముఖం వచ్చింది. విండోస్ మెమరీ 94 నుంచి 73 శాతానికి దిగింది. మౌస్ బాణం చేతితో పాటు కదిలింది. బాబాయికి నమ్మకం కుదరాలని ఆ వార్తల పేజీని మళ్ళీ లోడ్ చేస్తే 220 ఎంబీతో మొదలైంది.

రెండో అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీద. వాటికి కూడా Extension అని విడి వరుసలుంటాయి. ఆయన పీడీఎఫ్‌లు మార్చడానికి వేసుకున్నది 90 ఎంబీయే చూపించింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రతి పేజీలోకి దూరి పనిచేసే ఎక్స్‌టెన్షన్ అక్కడ వాడే మెమరీ ఆ పేజీ ఖాతాలోనే పడుతుంది, దాని సొంత వరుసలో కనిపించదు. తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అదే పేజీని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవాలి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ నడవవు. రెండు అంకెలూ పక్కపక్కన పోల్చాం. మామూలు కిటికీలో 150 ఉన్న పేజీ అక్కడ 110. ఒక పేజీకి 40 అంటే చిన్నదే, 27 పేజీలకు కలిపితే జీబీ దాటుతుంది. నెలకోసారి వాడే ఎక్స్‌టెన్షన్ కదా, ఆపేశాడు.

బిగుసుకుపోయాక Shift+Esc నొక్కితే కిటికీ రావడానికి ఒక్కోసారి నిమిషం పడుతుంది, ఒక్కోసారి రాదు కూడా. అందుకని బాబాయి ఇప్పుడు గడువు రోజుల్లో దాన్ని ముందే తెరిచి మూలన ఉంచుకుంటున్నాడు.

ఈ నెల మళ్ళీ ఫోన్ వచ్చింది. "ఒరేయ్, ఈసారి దొంగ దొరకడం లేదు. 41 ట్యాబులు, అన్నీ 120, 130 దగ్గరే ఉన్నాయి, పెరగడం లేదు." అప్పుడు లెక్క వేరు. 41ని 125తో గుణిస్తే ఐదు జీబీ దాటుతుంది, విండోస్‌కూ లెక్కల సాఫ్ట్‌వేర్‌కూ మూడు జీబీ దాకా పోతుంది. తప్పు ఏ పేజీదీ కాదు, ర్యామే చాలడం లేదు. సెట్టింగ్స్‌లో Performance కింద Memory Saver ఆన్ చేయించాను. కాసేపు ముట్టుకోని ట్యాబుల మెమరీని అది వదిలించి, తిరిగి వెళ్ళినప్పుడు మళ్ళీ లోడ్ చేస్తుంది. సగం నింపిన ఫారాలను, పాట మోగుతున్న ట్యాబులను వదిలేస్తుంది. జీఎస్టీ సైటును మాత్రం ఎప్పుడూ మెలకువగా ఉంచాల్సిన సైట్ల జాబితాలో చేర్చమన్నాను. ల్యాప్‌టాప్ అడుగు విప్పి చూస్తే రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంది. ఇంకో 8 జీబీ ముక్క కొనడానికి వచ్చే ఆదివారం ఇద్దరం విజయవాడ వెళ్తున్నాం.