భుజం దగ్గర ముడత పడకుండా రవిక చెయ్యి అతకడం



పోయిన దసరాకు ముందు, ఒక సాయంత్రం, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె చేతిసంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్ళయ్యాక ఇంట్లోనే మిషను పెట్టుకుని రవికలు కుడుతోంది. సంచీలోంచి ఒక రవిక తీసి నా ముందు పెట్టి, "మేడం, ఈ చెయ్యి మూడుసార్లు విప్పి కుట్టాను. విప్పినప్పుడల్లా ముడత ఇక్కడినుంచి అక్కడికి పోతోందే కానీ రవికలోంచి పోవడంలేదు. వాళ్ళు కూలి ఇవ్వమంటున్నారు, గుడ్డ ఖరీదు కూడా అడుగుతున్నారు" అంది. ఆ రవికను మేమిద్దరం ఎలా సరిచేశామో ఈరోజు చెబుతాను. మా పావగడ వైపు కన్నడం మాట్లాడేవాళ్ళు రవికె అంటారు, మనం రవిక అంటాం. ముడత మాత్రం ఇద్దరికీ ఒకటే.

ముందుగా ఒక సంగతి. రవికలో చంక చుట్టు కొలత కంటే, చేతికి పైన ఉండే గుండ్రం కొలత కాస్త ఎక్కువ ఉంటుంది. అది కత్తిరింపులో జరిగిన తప్పు కాదు, కావాలనే అలా పెడతారు. భుజం చివర ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, బల్లపరుపు గుడ్డ దానిమీద కూర్చోవాలంటే అక్కడ కాస్త ఎక్కువ గుడ్డ కావాలి. దర్జీలు దీన్ని ఈజు అంటారు. నేను మిగులు అంటాను. ఈ మిగులు బుట్ట చేతుల కుచ్చు వంటిది కాదు. కుచ్చు కంటికి కనబడాలి. మిగులు గుడ్డలో కలిసిపోయి, చేతికి గుండ్రం ఇచ్చి, తాను కనబడకూడదు.

ఆ అమ్మాయిని ఎంత తేడా ఉందని అడిగితే, మూడు అంగుళాల పైనే ఉందంది. అంత ఉంటే ఎవరూ ముడత లేకుండా కుట్టలేరు. కానీ ఆమె కొలిచింది గుడ్డ అంచు మీద. కొలవవలసింది అంచు మీద కాదు, అంచునుంచి అర అంగుళం లోపల, సూది పోయే గీత మీద. చంక గుండ్రం లోపలికి తవ్వినట్టు ఉంటుంది కనుక దాని అంచు కుట్టుగీత కంటే పొట్టిగా ఉంటుంది. చేతి గుండ్రం బయటికి ఉబ్బి ఉంటుంది కనుక దాని అంచు కుట్టుగీత కంటే పొడుగు. రెండు అంచులూ రెండు వైపులకు అబద్ధం చెబుతాయి. అందుకే చాకుతో రెండింటి మీదా కుట్టుగీత గీయించి, టేపును పడుకోబెట్టకుండా దాని అంచు మీద నిలబెట్టి, గీత వెంట మెల్లగా తిప్పి కొలిచాం. చివరల్లో పక్క కుట్టుకు వదిలిన గుడ్డను లెక్కలోకి తీసుకోలేదు. చంక 15½ అంగుళాలు వచ్చింది, చెయ్యి 17 వచ్చింది. తేడా ఒకటిన్నర అంగుళం.

ఇక గుడ్డ ఎంత మిగులును తనలో ఇముడ్చుకోగలదు అన్నది గుడ్డను బట్టి ఉంటుంది. వదులుగా నేసిన ఖాదీ, ఉన్ని గుడ్డ ఒక అంగుళం పైనే మింగేస్తాయి. ఆమె తెచ్చింది టూబైటూ నూలు గుడ్డ. పోగు సన్నం, నేత దట్టం. అది ముప్పావు అంగుళం దాకా ఒప్పుకుంటుంది. గట్టి నేత పట్టు, టెరికాటన్ అయితే అర అంగుళం దాటితే మొరాయిస్తాయి. కాబట్టి మా రవికలో ముప్పావు అంగుళం ఎక్కువైంది. దాన్ని తీసెయ్యకుండా మూడుసార్లు కాదు, ముప్పైసార్లు విప్పినా ముడత చోటు మారుతుందే తప్ప పోదు.

తియ్యడం ఎలా? చాలామంది చంకను ఇంకా లోతుగా కత్తిరించి చుట్టు పెంచుతారు. అలా చేస్తే చెయ్యి సరిపోతుంది కానీ, చెయ్యి పైకెత్తినప్పుడల్లా రవిక మొత్తం పైకి లేస్తుంది. బస్సులో కడ్డీ పట్టుకున్నా, నాలాంటిదాన్నైతే బోర్డు మీద రాసినా ఇబ్బందే. మేము చేతినే తగ్గించాం. చేతి కాగితం నమూనాలో, గుండ్రం సగం ఎత్తులో అడ్డంగా ఒక మడత పెట్టి ఎత్తులో అర అంగుళం తగ్గించాం. మడత దగ్గర మెలిక పడిన గీతను మళ్ళీ నున్నగా గీశాం. మళ్ళీ కొలిస్తే గుండ్రం 16¼ వచ్చింది. ముందువైపు పావు పైన, వెనకవైపు పావు పైన తగ్గి, మొత్తం ముప్పావు పోయింది. చేతిని విప్పి, ఇస్త్రీ చేసి, కొత్త నమూనాను కింది అంచుకు సరిగ్గా పెట్టి పైన పెరిగిన గుడ్డను కత్తిరించాం. చెయ్యి పొడవు అర అంగుళం తగ్గుతుంది కనుక కింద మడిచి కుట్టిన దాంట్లోంచి అంత వదిలాం. ఈ పని అర అంగుళం దాకానే. గుండ్రం ఇంకా దించితే చెయ్యి ఎత్తడానికి హాయిగా ఉంటుంది కానీ, దించినప్పుడు చంక దగ్గర గుడ్డ మడతలు పోగుపడుతుంది.

ఇప్పుడు మిగిలిన ముప్పావు అంగుళాన్ని ఎక్కడ దాచాలి అన్నది చూద్దాం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒక గుడ్డ ముక్క తీసుకుని పోగు వెంట రెండు వేళ్ళతో దగ్గరికి నొక్కండి. వెంటనే మడత పడుతుంది. అదే ముక్కను మూలగా, అంటే క్రాసుగా పట్టి నొక్కండి. పడుగూ పేకా ఒకదానిపైకొకటి జరిగి గుడ్డ తనంతట తనే దగ్గరవుతుంది. చేతి గుండ్రానికి నడినెత్తిన అంచు పేక పోగు వెంటే ఉంటుంది. అక్కడ మిగులు పెడితే ముడతే. నడినెత్తినుంచి రెండు వైపులా దిగే వాలులో అంచు క్రాసులో ఉంటుంది. మిగులు దాగేది ఆ వాలుల్లోనే. మనవాళ్ళు చాలామంది ముడతంతా తెచ్చి సరిగ్గా భుజం కుట్టు మీదే పెడతారు. ఆ అమ్మాయి చేసిందీ అదే.

అందుకని గుర్తులు పెట్టుకోవాలి. పక్క కుట్టు నుంచి కుట్టుగీత మీద 3 అంగుళాలు పైకి కొలిచి, చంకకూ చేతికీ రెండింటికీ గాటు పెట్టండి. ముందువైపు ఒక గాటు, వెనకవైపు రెండు. గాటు బియ్యపు గింజంత ఉంటే చాలు. చేతి నడినెత్తిన చాకుతో మరో గుర్తు, అది భుజం కుట్టుకు తగలాలి. గాటుకు కింద రెండు గుడ్డలూ సమానంగా, బిగువూ వదులూ లేకుండా పోవాలి. నడినెత్తికి ఇటు అర అంగుళం, అటు అర అంగుళం కూడా సమానంగానే పోవాలి. మధ్యలో రెండు వాలులు మిగిలాయి. ఒక్కోదాంట్లో ముప్పావులో సగం, అంతే. అలా పంచితే అది ఎంత కొంచెమో చూడండి.

గుడ్డను దగ్గర చెయ్యడానికి మిషను కుట్టు పొడవు అన్నిటికన్నా పెద్దది పెట్టి, చేతి గుండ్రం మీద గాటు నుంచి గాటు దాకా రెండు వరసలు వేయాలి. మొదటిది కుట్టుగీతకు నూలుపోగంత బయట, రెండోది అంచుకు పావు అంగుళంలో. ఒకే వరస వేస్తే దాని రెండు పక్కలా గుడ్డ ఎగుడుదిగుడు అవుతుంది, అందుకే రెండు. చివర దారాలు వదిలి, కింది దారాలు రెండూ కలిపి పట్టుకుని మెల్లగా లాగండి. పొంగును వేళ్ళతో వాలుల్లోకి జరపండి. సరిగ్గా వస్తే చేతి పైభాగం విస్తరాకు దొప్పలా గుండ్రంగా లేస్తుంది. అంచున చిన్న చిన్న అలలు ఉండవచ్చు. కుట్టుగీత మీద మాత్రం ఒక్క మడతా ఉండకూడదు. ఉందంటే అక్కడ ఎక్కువ లాగారని.

నూలు గుడ్డకు ఇంకో ఉపకారం ఉంది. ఒక చెంబును బోర్లించి, దానిమీద తువ్వాలు మందంగా చుట్టి, దొప్పను దానిమీద తొడగండి. అంచున నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె మొనతో కుట్టు కోసం వదిలిన అర అంగుళం మేరనే నొక్కండి. తడి, వేడి తగిలి అలలు చాలావరకు గుడ్డలోకి ఇంకిపోతాయి. టెరికాటన్ అలా ఇంకదు, అందుకే దానికి మొదటే తక్కువ మిగులు పెట్టాలని చెప్పాను. పట్టు మీద నీళ్ళు చిలకరించవద్దు, మరకలు పడతాయి.

మన దర్జీలు పక్క కుట్టు వేయకముందే, రవిక విప్పారి ఉండగానే చెయ్యి అతుకుతారు. మేమూ అలాగే చేశాం. మంచి వైపులు రెండూ ఎదురెదురుగా పెట్టి, భుజం, గాట్లు, చివరలు గుండుసూదులతో కలిపి, తర్వాత చేతి సూదితో కచ్చా కుట్టు వెయ్యాలి. ఈ కచ్చా కుట్టు దగ్గరే అందరూ తొందరపడతారు. పది నిమిషాల పని. వేశాక ఒకసారి భుజం మీద పెట్టి చూస్తే తప్పు అప్పుడే తెలుస్తుంది, విప్పినా మిషను సూది రంధ్రాలు మిగలవు. పట్టు రవికకైతే ఈ రంధ్రాలు చెరగవు, కాబట్టి అక్కడ ఇది తప్పనిసరి. మిషను మీద చెయ్యి పైన, రవిక కింద ఉండేలా పెట్టుకుంటే మడత పడబోతుండగానే కంటికి కనబడుతుంది. రెండు చేతుల వేళ్ళతో సూదికి అటూ ఇటూ గుడ్డను చదును చేస్తూ మెల్లగా తొక్కాలి. కుట్టాక వదిలిన గుడ్డను చేతి వైపుకు తిప్పాలి. గాట్ల కింద దాన్ని పావు అంగుళానికి కత్తిరించవచ్చు. పైన కత్తిరించకండి, గుండ్రాన్ని లోపలినుంచి నిలబెట్టేది అదే.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి రవిక తెచ్చి చూపించింది. కుడి చెయ్యి పోత పోసినట్టు కూర్చుంది. ఎడమ చేతికి ముందువైపు గాటుకు కాస్త పైన ఒక ముడత! "దీనికి కచ్చా కుట్టు వేశావా?" అన్నాను. తల వంచుకుంది. పొద్దుపోయిందని గుండుసూదులతోనే కుట్టేసిందట. మిషను కింది పళ్ళు అడుగు గుడ్డను ముందుకు లాగుతాయి, పాదం పై గుడ్డను కాస్త వెనక్కి ఆపుతుంది. అలా పై గుడ్డలో మిగిలింది కుట్టు చివరకు పోగవుతుంది. చెయ్యి పైన పెట్టి కుడితే కుడి చేతికి కుట్టు ముందునుంచి వెనక్కి పోతుంది, ఎడమ చేతికి వెనకనుంచి ముందుకు వస్తుంది. అందుకే ఎడమచేతి మిగులు ముందుకు వచ్చి చేరింది. చెయ్యంతా విప్పనివ్వలేదు. ముడతకు రెండు పక్కలా రెండేసి అంగుళాలు, మొత్తం నాలుగంగుళాలు మాత్రం విప్పించి, పొంగును వేలితో వాలులోకి పైకి జరిపి, కచ్చా కుట్టు వేయించి, అక్కడే కూర్చుని కుట్టించాను. ఆ రాత్రికే రవిక ఇచ్చేసి కూలి తెచ్చుకుంది.