ఇప్పుడు కాదు, అక్టోబరులో మాట్లాడదాం

ఉద్యోగం బాగానే సాగుతోంది. మారే ఆలోచన ప్రస్తుతానికి లేదు. అలాంటి రోజుల్లోనే లింక్‌డిన్‌లో ముక్కూమొహం తెలియని రిక్రూటర్ మెసేజ్ పెడతారు. మీ ప్రొఫైల్ చూశాం, మీకు సరిపోయే ఉద్యోగం ఉంది, రెజ్యూమే పంపండి, దాంతోపాటు ఇప్పటి సీటీసీ, ఆశిస్తున్న సీటీసీ, నోటీస్ పీరియడ్ రాయండి అంటారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో నాలుగైదేళ్లు పనిచేసిన వాళ్లకు ఇది కొత్త కాదు. కొందరు పట్టించుకోరు. కొందరు ‘నాట్ లుకింగ్’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. ఇంకొందరు ఎందుకైనా మంచిది, వాళ్ల దగ్గర పడి ఉంటుందిలే అని రెజ్యూమే పంపేస్తారు. ఆరేడు నెలల తర్వాత మారదామనుకునే వాళ్లకు ఈ మూడో పనే ఎక్కువ చేటు చేస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ రిక్రూటర్ ఎవరి మనిషో చూడాలి.

కొందరు ఆ కంపెనీ ఉద్యోగులే. వాళ్ల మెయిల్ ఐడీలో కంపెనీ పేరే ఉంటుంది, మెసేజ్‌లోనూ కంపెనీ పేరు దాచరు. మిగతావాళ్లు కన్సల్టెన్సీల వాళ్లు. ‘మా క్లయింట్ ఒక పెద్ద ఎంఎన్‌సీ’ అని రాసి, పేరు మాత్రం రెజ్యూమే చేతికి వచ్చాకే చెబుతారు. కన్సల్టెన్సీకి సాధారణంగా మనిషి చేరాకే డబ్బు వస్తుంది. ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత ఫీజు తీసుకోవడం మన దేశంలో బాగా వాడుకలో ఉన్న లెక్క. పెద్ద స్థాయి ఉద్యోగాలకు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. 12 లక్షల ప్యాకేజీ మీద చేరిన ఒక్క మనిషికి కన్సల్టెన్సీకి దాదాపు లక్ష రూపాయలు వస్తాయి. అంత డబ్బు ముడిపడి ఉంది కాబట్టి ఈ మనిషిని ముందు చూపించింది ఎవరు అన్న తగాదా రాకూడదని కంపెనీలు ఒక నియమం పెట్టుకుంటాయి. ఒక కన్సల్టెన్సీ మీ రెజ్యూమేను కంపెనీ సిస్టమ్‌లో ఎక్కిస్తే, ఒప్పందంలో రాసుకున్న గడువు దాకా మీరు ఆ కన్సల్టెన్సీ లెక్కలోనే ఉంటారు. ఆ గడువు ఆరు నెలలు ఉండవచ్చు, ఏడాదీ ఉండవచ్చు.

జూన్‌లో మర్యాద కోసం రెజ్యూమే పంపారనుకోండి. నవంబరులో అదే కంపెనీలో పనిచేసే మీ స్నేహితురాలు, మా టీమ్‌లో ఖాళీ ఉంది, నేను రిఫర్ చేస్తానంటుంది. వివరాలు ఎక్కించగానే ఈ అభ్యర్థి ఇప్పటికే ఉన్నారని సిస్టమ్ చెబుతుంది. ఆమెకు రావలసిన రిఫరల్ బోనస్ పోతుంది. అంతకంటే నష్టం ఏమిటంటే, లోపలి మనిషి మాటతో వెళ్లాల్సిన మీ పేరు ఫీజు కట్టాల్సిన పేర్ల జాబితాలోకి వెళుతుంది. ఫీజు లేకుండా దొరికే మనిషి ఇంకొకరు సిద్ధంగా ఉంటే మేనేజర్ ఎటు మొగ్గుతారో చెప్పనక్కర్లేదు. రెండు కన్సల్టెన్సీలకు రెజ్యూమే ఇచ్చి, ఇద్దరూ ఒకే కంపెనీకి పంపితే పరిస్థితి ఇంకా ఇబ్బంది. ఆ తలనొప్పి ఎందుకని కొన్ని కంపెనీలు ఆ అభ్యర్థినే పక్కన పెడతాయి. అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ రిక్రూటర్ ఒక క్లయింట్‌కు పేరు పంపేముందు మెయిల్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటారు. దాన్నే ఆర్‌టీఆర్ అంటారు. ఇక్కడ ఆ పట్టింపు తక్కువ కాబట్టి జాగ్రత్త మనమే పడాలి.

అలాగని జవాబే ఇవ్వకుండా ఊరుకోవడమూ సరికాదు. లింక్‌డిన్‌లో పరిచయం లేని వాళ్లకు పంపే ఇన్‌మెయిల్‌కు రిక్రూటర్ దగ్గర ఒక క్రెడిట్ ఖర్చవుతుంది. 90 రోజుల్లోపు జవాబు వస్తే, అది ‘వద్దు’ అయినా సరే, ఆ క్రెడిట్ తిరిగి వస్తుంది. అందుకే స్పష్టంగా వద్దన్న వాళ్లంటే రిక్రూటర్లకు కోపం ఉండదు. పైగా మీరు రాసిన మాట చాలాచోట్ల మీ పేరు పక్కన నోట్‌గా మిగులుతుంది. ‘ఆసక్తి లేదు’ అని మిగిలితే తర్వాత వచ్చే ఖాళీకి మిమ్మల్ని దాటేసి వెళతారు. ‘ఫలానా నెల తర్వాత మాట్లాడతారు’ అని మిగిలితే ఆ నెలలో వెతికే మనిషికి మీరు పనికొస్తారు. కాబట్టి జవాబులో ముఖ్యంగా ఉండాల్సింది ఒక నెల పేరు. ‘భవిష్యత్తులో చూద్దాం’ అంటే దేన్నీ నమోదు చేసుకోలేరు.

ఆ నెలను ఎలా నిర్ణయించుకోవాలి? మాదాపూర్‌లో టెస్టింగ్ పని చేసే ఒకమ్మాయిని ఊహించుకుందాం. 2022 ఫిబ్రవరి 1న చేరింది. మెసేజ్ వచ్చింది 2026 జూన్‌లో. శాశ్వత ఉద్యోగి తనంతట తాను మానేస్తే గ్రాట్యుటీ రావడానికి ఐదేళ్ల సర్వీసు నిండాలి. ఆమెకు అది 2027 జనవరి 31తో నిండుతుంది. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే ఆమె నెల వేతనం 60,000 రూపాయలనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తో, ఆపైన ఐదేళ్లతో హెచ్చవేయాలి. సుమారు 1,73,000 రూపాయలు వస్తాయి. ఏడు నెలలు ఆగడానికి అది చాలిన కారణమే.

అయితే ఫిబ్రవరి తర్వాత మాట్లాడదాం అని రాస్తే ఆమె అనవసరంగా ఆలస్యం చేసుకున్నట్టే. ఆమె నోటీస్ 90 రోజులు. నోటీస్‌లో పనిచేసే రోజులు కూడా సర్వీసే. నవంబరు మధ్యలో రాజీనామా ఇస్తే ఆఖరి పనిదినం ఫిబ్రవరి మధ్యలో పడుతుంది. ఇంటర్వ్యూలు మొదలై ఆఫర్ లెటర్ చేతికి రావడానికి నెలో, నెలన్నరో పడుతుంది. వెనక్కి లెక్కేసుకుంటే ఆమె రాయాల్సిన నెల అక్టోబరు. ఒక్క చిక్కుంది. రాజీనామా ఇచ్చాక కంపెనీ ముందే రిలీవ్ చేసినా, కొత్త కంపెనీ తొందరపెట్టి నోటీస్‌ను కొనేస్తామన్నా, జనవరి 31 దాటకుండానే బయటపడాల్సి వస్తుంది, ఆ లక్షా డెబ్భై మూడు వేలూ పోవచ్చు. తన కంపెనీలో నోటీస్ ఇచ్చిన వాళ్లను తొందరగా పంపేసే అలవాటు ఉందేమో ఆమె ముందే కనుక్కోవాలి. ఉంటే రాజీనామాను జనవరి దాటేదాకా ఆపుకోవడమే మేలు, అప్పుడు మాటలు మొదలయ్యే నెలా డిసెంబరుకు జరుగుతుంది. ఏటా వచ్చే బోనస్, చేరినప్పుడిచ్చిన జాయినింగ్ బోనస్‌ను తిరిగి కట్టాల్సిన గడువు, ఇలా మీకు ఏది అడ్డున్నా లెక్క ఇదే తీరు. రిక్రూటర్‌కు కావాల్సింది మీరు చేరే తేదీ కన్నా మాటలు మొదలుపెట్టే తేదీ.

ఆ అమ్మాయి కంపెనీకి నోటీస్ ఇచ్చిన వాళ్లను ముందే పంపేసే అలవాటు లేదనుకుందాం. ఈ జవాబులు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళతాయి. తెలుగులో చెబితే సారం ఇలా ఉంటుంది:

“నమస్తే, మెసేజ్ పెట్టినందుకు ధన్యవాదాలు. ఇప్పుడు మారే ఉద్దేశం లేదు కాబట్టి ఈ ఉద్యోగానికి నా పేరు చూడవద్దు. అక్టోబరు నుంచి మాట్లాడగలను. ఆటోమేషన్ టెస్టింగ్‌లో టీమ్‌ను నడిపే పని, హైదరాబాద్‌లోనే ఉండేది అయితే నాకు ఆసక్తి. నోటీస్ 90 రోజులు. ఈ ఉద్యోగం మీ కంపెనీదా, క్లయింట్‌దా, బడ్జెట్ ఎంత అన్నది చెప్పగలిగితే సంతోషం. నన్ను అడగకుండా నా వివరాలు ఎవరికీ పంపవద్దని మనవి.”

ఇందులో గ్రాట్యుటీ మాట లేదు. కారణం చెబితే, ఆ డబ్బు మేమిస్తాం ఇప్పుడే రండి అని బేరం మొదలవుతుంది. నిజంగా ఇస్తారా అన్నది ఆఫర్ లెటర్‌లో కనిపించేదాకా తెలియదు. ‘ఈ ఉద్యోగానికి నా పేరు చూడవద్దు’ అన్నది కాస్త కటువుగా అనిపించవచ్చు. అది లేకపోతే వారంలో మూడుసార్లు ఫోన్లు వస్తాయి. చివరి వాక్యాన్ని కన్సల్టెన్సీ వాళ్లకైతే తప్పకుండా రాయాలి. నౌక్రీలో ఉన్న ప్రొఫైల్‌ను డౌన్‌లోడ్ చేసి అడగకుండానే క్లయింట్‌కు పంపే వాళ్లు ఉన్నారు. అలా జరిగితే నేను అనుమతి ఇవ్వలేదని చూపించడానికి మీ దగ్గర రాతలో ఒక ఆధారం ఉంటుంది.

సీటీసీ సంగతి వేరు. వాళ్లు పంపే పట్టికలో అనుభవం, ఇప్పటి సీటీసీ, ఆశించే సీటీసీ, మారడానికి కారణం అని గడులుంటాయి. ఇప్పుడే మారని వాళ్లు ఆ గడులు నింపకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. జూన్‌లో 11 లక్షలని రాశారు, ఈలోగా హైక్ వచ్చి 12.5 అయింది. అక్టోబరులో కొత్త అంకె చెబితే, పాత అంకె ముందు పెట్టుకున్న మనిషికి అది పెంచి చెప్పినట్టే కనిపిస్తుంది. పే స్లిప్పులు చూపించి నిరూపించుకోవచ్చు, కానీ బేరం అప్పటికే అనుమానంతో మొదలైంది. ఆశించే సీటీసీ అయితే మరీ ప్రమాదం. పని ఏమిటో తెలియకముందే చెప్పిన అంకె, తెలిశాక మిమ్మల్ని పట్టి ఉంచుతుంది. బడ్జెట్ అడిగితే మాత్రం మీకు లాభం. వాళ్లు చెబితే మార్కెట్‌లో మీ పనికి ఇప్పుడు ఏం నడుస్తోందో ఖర్చు లేకుండా తెలుస్తుంది. చెప్పకపోతే నష్టం లేదు.

ఈ మాటలన్నీ సొంత మెయిల్ నుంచి, సొంత ఫోన్ నుంచే సాగాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో జరిగేది కంపెనీ చూడగలదు. లింక్‌డిన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ను రిక్రూటర్లకే కనిపించేలా పెట్టుకోవచ్చు, మీ కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూస్తామని లింక్‌డిన్ అంటుంది కానీ పూర్తి హామీ ఇవ్వదు. నౌక్రీలో మీ కంపెనీకి ప్రొఫైల్ కనిపించకుండా బ్లాక్ చేసే వీలుంది. అక్టోబరు దాకా ఆ ప్రొఫైల్‌ను కదపకండి. అప్‌డేట్ చేసిన మరుక్షణం మీరు ఉద్యోగం వెతుకుతున్నారని అనుకుని ఫోన్లు మొదలవుతాయి.

జవాబే ఇవ్వకూడని మెసేజ్‌లూ ఉన్నాయి. పెద్ద కంపెనీ పేరు చెప్పి మామూలు జీమెయిల్ నుంచి రాసేవి, ఇంటర్వ్యూ లేకుండానే ఎంపికయ్యారనేవి, రిజిస్ట్రేషన్‌కో శిక్షణకో డబ్బు అడిగేవి, మొదటి మాటలోనే ఆధార్, పాన్ కాపీలు కోరేవి అన్నీ మోసాలుగానే చూడాలి. ఉద్యోగం ఇచ్చే వాళ్లు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోరు.

ఇక అక్టోబరు వచ్చాక రిక్రూటరే గుర్తుపెట్టుకుని రాస్తారని కూర్చోవద్దు. ఆ నోట్‌ను వెతికి తీసే తీరిక వాళ్లకు ఉండకపోవచ్చు, ముందు మీరే రాయండి. కొత్త మెసేజ్ తెరవకుండా జూన్‌లో నడిచిన సంభాషణ కిందే రాస్తే మీరెవరో వాళ్లకు పైనే కనిపిస్తుంది. రెండు మూడు వాక్యాలు చాలు: జూన్‌లో అనుకున్నాం, ఇప్పుడు మాట్లాడటానికి సిద్ధం, ఫిబ్రవరి మధ్యలో చేరగలను, ఇప్పుడేమైనా ఖాళీలున్నాయా? రెజ్యూమే అప్పుడు పంపాలి, అదీ కంపెనీ పేరు తెలిసి, అక్కడ రిఫర్ చేసే తెలిసినవాళ్లు ఎవరూ లేరని చూసుకున్నాక. రిక్రూటర్లు కూడా తరచూ ఉద్యోగాలు మారుతుంటారు. కన్సల్టెన్సీ రిక్రూటర్ ఈలోగా ఏదైనా కంపెనీ హెచ్‌ఆర్‌లో చేరి ఉంటే పరిచయం మరింత అక్కరకొస్తుంది. జూన్‌లో ఆ ఒక్క జవాబు రాసినప్పుడే ఆ మనిషిని లింక్‌డిన్‌లో కనెక్షన్‌గా చేర్చుకుని ఉంటే, ఎక్కడికి మారినా మెసేజ్ అందుతుంది.