డిశ్చార్జి బుక్కులో ఆ ఒక్క వాక్యం

నాన్న మిలిటరీలో పనిచేశాడు కాబట్టి పిల్లకి కోటాలో సీటు ఖాయం అనుకునే ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. కౌన్సెలింగ్ గదిలో కూర్చున్న సైనిక సంక్షేమ అధికారి మాత్రం నాన్న సైన్యంలో ఉన్నాడా అన్న ఒక్క ప్రశ్నతో ఆగడు. ఆయన ఎలా బయటికొచ్చాడు, ఏ కారణంతో వచ్చాడు, ఆ సంగతి ఏ కాగితంలో ఏ మాటల్లో రాసి ఉంది అని చూస్తాడు. సీటు వచ్చేదీ పోయేదీ చాలాసార్లు అక్కడే. అందుకే ఈ వ్యవహారాన్ని ర్యాంకు వచ్చాక కాకుండా, పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ ప్రవేశాల్లో దీన్ని క్యాప్ కోటా అంటారు. సైనికోద్యోగుల, మాజీ సైనికుల పిల్లలకు కన్వీనర్ సీట్లలో రెండు శాతం కేటాయిస్తారు. తల్లిదండ్రులు ఈ రాష్ట్రానికి చెందినవారై ఉండాలి. సరిహద్దు భద్రతా దళం, సీఆర్‌పీఎఫ్ కుటుంబాలను కూడా ఇందులో చేర్చారు. మిగతా కేంద్ర బలగాల వాళ్లు తమకూ వర్తిస్తుందని అనుకోకుండా ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకోవాలి. రెండు శాతం అంటే ఎంతో లెక్క వేసి చూడండి. అరవై సీట్ల బ్రాంచిలో కన్వీనర్ వాటా డెబ్బై శాతం, అంటే 42 సీట్లు. అందులో రెండు శాతం ఒక్క సీటు కూడా నిండుగా కాదు. కాబట్టి కోటా ఉందన్న ధైర్యంతో నాలుగైదు కాలేజీలే పెట్టుకుంటే చేతికి ఏమీ రాదు. వెబ్ ఆప్షన్లు ధారాళంగా పెట్టుకోవాల్సిన పిల్లలు వీళ్లే.

దేశవ్యాప్తంగా చూస్తే ఈ కోటా ఒకే వరుస కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. కేంద్ర రక్షణ శాఖ తయారుచేసిన ప్రాధాన్య క్రమంలో తొమ్మిది మెట్లున్నాయి. ఢిల్లీ యూనివర్సిటీ లాంటి చోట్ల దాన్నే పాటిస్తారు. అక్కడ ఈ వర్గానికి ఐదు శాతం సీట్లున్నాయి. మన పిల్లలు ఏటా అక్కడికి వెళ్తున్నారు కాబట్టి ఈ క్రమం తెలిసి ఉండాలి. యుద్ధచర్యలో ప్రాణాలు కోల్పోయినవారి భార్యాపిల్లలది మొదటి మెట్టు. యుద్ధచర్యలో గాయపడి, ఆ కారణంగా సర్వీసు నుంచి పంపేసినవారి పిల్లలది రెండోది. సైనిక విధి కారణంగా సర్వీసులో మరణించినవారి కుటుంబం మూడోది. విధి కారణంగా వైకల్యం వచ్చి, సర్వీసు నుంచి పంపేసినవారి పిల్లలు నాలుగో మెట్టు. శౌర్య పతకాలు పొందినవారి పిల్లలు ఐదో మెట్టు. మామూలుగా పదవీవిరమణ చేసిన మాజీ సైనికుల పిల్లలు ఆరో మెట్టులోకి వస్తారు. ఏడో మెట్టు కొందరి భార్యలకు, ఎనిమిది ఇప్పుడు సర్వీసులో ఉన్నవారి పిల్లలకు, తొమ్మిది వారి భార్యలకు. పై మెట్టు వాళ్లందరూ అయ్యాకే కింది మెట్టుకు వస్తారు. మార్కులు ఒకే మెట్టులో ఉన్నవాళ్ల మధ్యే పోటీకి వస్తాయి. ఐఐటీల్లో సంగతి ఇంకా ఇరుకు. అక్కడ ఒక్కో ఐఐటీలో రెండు సీట్లే ఉంటాయి, అవీ చర్యలో మరణించినవారి, శాశ్వతంగా వికలాంగులైనవారి పిల్లలకు మాత్రమే. మామూలు రిటైర్మెంట్ కుటుంబానికి అక్కడ దారి లేదు. మన రాష్ట్రాల ప్రవేశాలకు వరుస వేరుగా ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్‌లో ఉన్నదే చూసుకోవాలి.

ఈ మెట్టును అధికారి ఎలా నిర్ణయిస్తాడు? కుటుంబం చెప్పిన మాటను బట్టి కాదు, పెన్షన్ కాగితాన్ని బట్టి. పెన్షన్ పేమెంట్ ఆర్డరు, అంటే పీపీవోలో ఏ రకం పెన్షనో స్పష్టంగా ఉంటుంది. యుద్ధచర్యలో పోయినవారి భార్యకు వచ్చేది లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్. సైనిక విధి కారణంగా పోయారని తేలితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్. మరణానికీ విధికీ సంబంధం లేదని తేల్చితే ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్. కాబట్టి ఆర్డినరీ పెన్షన్ పీపీవో పట్టుకుని మూడో మెట్టు కావాలని అడిగితే, కుటుంబం ఎంత బాధలో ఉన్నా అధికారి చేయగలిగింది లేదు. ఇది చాలా ఇళ్లకు కౌన్సెలింగ్ రోజునే తెలియడం బాధాకరం.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రకాశం జిల్లాకు చెందిన ఒక హవల్దారు అనుకుందాం. 2000లో ఆర్టిలరీలో చేరాడు. 2012లో ఫీల్డ్ ఏరియాలో వాహన ప్రమాదం జరిగి మోకాలు దెబ్బతింది. మెడికల్ బోర్డు ముప్పై శాతం వైకల్యం రాసి, అది సైనిక విధి కారణంగానే వచ్చిందని తేల్చింది. అయితే ఆయన్ని పంపేయలేదు. తక్కువ మెడికల్ కేటగిరీలో ఉంచి, తేలికపాటి పనులిచ్చి కొనసాగించారు. 2024లో 24 ఏళ్ల సర్వీసు నిండి ఇంటికొచ్చాడు. మామూలు పెన్షన్‌తో పాటు వైకల్యానికి కొంత అదనం వస్తోంది. కూతురు ఢిల్లీకి దరఖాస్తు పెట్టింది. విధి కారణంగా వైకల్యం, పీపీవోలో అదే ఉంది, కనుక నాలుగో మెట్టు అని ఇంట్లో అందరూ లెక్కేసుకున్నారు.

సంక్షేమ అధికారి డిశ్చార్జి బుక్కు తెరిచి, డిశ్చార్జి కారణం రాసిన పంక్తి చూశాడు. చేరినప్పటి షరతుల ప్రకారం సర్వీసు పూర్తయినందున అని ఉంది. నాలుగో మెట్టుకు వైకల్యం ఒక్కటే చాలదు. ఆ వైకల్యం కారణంగానే సర్వీసు నుంచి పంపేసి ఉండాలి. ఈయన తన సర్వీసు పూర్తిచేసి వచ్చాడు. కాబట్టి ఆ అమ్మాయిది ఆరో మెట్టు. దెబ్బ తగిలినా పన్నెండేళ్లు ఓర్చుకుని పనిచేసినందుకే మెట్టు తగ్గిందా అని ఆయనకు అనిపిస్తే తప్పుపట్టలేం. నిబంధన న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, అధికారి ముందున్నది రాసి ఉన్న మాట.

ఆ అమ్మాయికి ఇంకో చిక్కు కూడా ఎదురైంది, ఇది మరీ ఎక్కువగా కనిపించేది. సైనికుడికి బిడ్డ పుట్టగానే యూనిట్ పార్ట్-టూ ఆర్డర్ వేస్తుంది. బిడ్డ పేరు, పుట్టిన తేదీ దాంతోనే రికార్డ్ ఆఫీసుకు చేరతాయి. డిశ్చార్జి బుక్కులో కుటుంబ వివరాలు అక్కడి నుంచే వస్తాయి. ఈ ఇంట్లో పార్ట్-టూ ఆర్డర్ ప్రకారం బిడ్డ పేరు లక్ష్మి, పుట్టింది జూలై 1. ఊళ్లో స్కూల్లో వేసేటప్పుడు తాతగారు నాగలక్ష్మి అని రాయించారు, తేదీ ఆగస్టు 14 అయింది. పదో తరగతి మెమోలో అదే ఉంది. రెండు కాగితాల్లో ఇద్దరమ్మాయిలు కనిపిస్తున్నప్పుడు, ఈ అమ్మాయి ఆయన బిడ్డే అని అధికారి సంతకం పెట్టలేడు.

దీన్ని సరిదిద్దేది కాలేజీ కాదు, జిల్లా ఆఫీసు సొంతంగా కూడా కాదు. ఆయన ఏ రెజిమెంట్ అయితే ఆ రికార్డ్ ఆఫీసే చేయాలి. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఈఎంఈ వాళ్లకు సికింద్రాబాద్. వాయుసేన వాళ్లకైతే ఢిల్లీలోని సుబ్రతో పార్క్, నౌకాదళం నావికులకు ముంబై. పదో తరగతి మెమో, జనన ధ్రువపత్రం, అఫిడవిట్ జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపాలి. నెలలు పడుతుంది. ఇంటర్ రెండో ఏడు వేసవిలో మొదలుపెట్టినవాళ్లకు ఆ ఏడాది కౌన్సెలింగ్ దాటిపోవడం ఖాయమనుకోవాలి. తొమ్మిదో తరగతి అని మొదట్లో చెప్పింది ఇందుకే. పదో తరగతికి పేరు నమోదు చేసేటప్పుడు డిశ్చార్జి బుక్కు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిపోల్చుకుంటే ఈ తిరుగుడంతా ఉండదు.

డిశ్చార్జి బుక్కు ఉన్న ప్రతి ఒక్కరూ మాజీ సైనికులు కారు, ఇది కూడా అక్కడే తేలుతుంది. పెన్షన్ సంపాదించకుండా సొంత కోరికపై మధ్యలో వచ్చేసినవారు, శిక్షణలోనే వెనక్కి వచ్చినవారు, క్రమశిక్షణ చర్య కింద తొలగించబడినవారు ఆ నిర్వచనంలోకి రారు. ఎనిమిదేళ్లు చేసి ఇంటి పరిస్థితుల వల్ల వచ్చేశాడన్నది ఎంత నిజమైనా, పిల్లలకు ఈ కోటా రాదు.

ఇప్పుడు సర్టిఫికెట్ల పరిశీలన. ఇటీవలి సంవత్సరాల్లో మిగతా విద్యార్థుల సర్టిఫికెట్లు ఏ హెల్ప్‌లైన్ కేంద్రంలోనో, ఆన్‌లైన్‌లోనో చూస్తున్నా, క్యాప్ పిల్లలు మాత్రం ప్రత్యేక కేంద్రానికి వెళ్లాలి. తెలంగాణలో అది మాసబ్ ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ ప్రభుత్వ పాలిటెక్నిక్. ర్యాంకుల వారీగా తేదీలిస్తారు. మాజీ సైనికుల పిల్లలు జిల్లా సైనిక సంక్షేమాధికారి ఇచ్చిన సర్టిఫికెట్‌తో పాటు అసలు డిశ్చార్జి బుక్కు, గుర్తింపు కార్డు చూపించాలి. తండ్రి సర్వీసులో ఉంటే కమాండింగ్ ఆఫీసర్ సర్టిఫికెట్ కావాలి. దానిమీద సైనికుడి నంబరు, యూనిట్ ముద్ర, తేదీ చూస్తారు. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ వాళ్లకు వారి అధికారులే ఇస్తారు. క్యాంటీన్ కార్డు, ఆసుపత్రి కార్డు దీనికి చెల్లవు. ఆ తేదీకి వెళ్లకపోతే కంప్యూటర్లో క్యాప్ గుర్తు పడదు, తర్వాత ఆప్షన్లు ఎన్ని పెట్టినా మామూలు విద్యార్థిగానే చూస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీకైతే నిర్ణీత నమూనాలోనే సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఏ మెట్టో స్పష్టంగా రాయించుకోవాలి. తండ్రి మాజీ సైనికుడని మాత్రమే రాసి ఇచ్చిన కాగితం అక్కడ పనికిరాదు. తప్పుడు మెట్టు రాయించుకుని చేరితే, తర్వాత విచారణలో బయటపడినా సీటు రద్దు చేస్తారు.

ఆర్డినరీ పెన్షన్ మీద ఉన్న తల్లుల సంగతి మాత్రం ఇక్కడితో వదిలేయకూడదు. భర్త మరణానికి విధితో సంబంధం లేదని తేల్చిన నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు వారికి ఉంది. అక్కడ ఫలితం లేకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన రాష్ట్రాల కేసులు చూసేది చెన్నై బెంచి. వారి పక్షాన తీర్పు వస్తే పెన్షన్ రకం మారి, దిద్దిన పీపీవో వస్తుంది. పిల్లలకు మూడో మెట్టు ఆ కొత్త పీపీవోతోనే దొరుకుతుంది, అదీ అది చేతికొచ్చాక జరిగే ప్రవేశాల నుంచే. ఆ తీర్పుకు ఏళ్లు పట్టవచ్చు కనుక పెద్దబిడ్డకు అందకపోయినా చిన్నబిడ్డకు అందే అవకాశం ఉంటుంది. మెడికల్ బోర్డు, విచారణ కాగితాల ప్రతుల కోసం రికార్డ్ ఆఫీసుకు ఇప్పుడే రాసి తెప్పించుకోవాలి.